మొదటి కంపెనీ క్లయింటు.. మొదటి ఇన్‌వాయిస్.. డబ్బు ఎక్కడ ఆగిపోయింది?

మే నెలాఖరున మా అక్క కూతురు సుంగై సిపుట్‌లోని మా ఇంటికి వచ్చింది. చేతిలో ఒకే ఒక కాగితం ఉంది. "పిన్నీ, నువ్వు ఇన్నేళ్లు కంపెనీలో బిల్లులే చూశావు కదా, దీన్లో తప్పేముందో చెప్పు" అంది. అది ఆమె రాసిన మొదటి ఇన్‌వాయిస్. మార్చి 18న పంపింది. అప్పటికి 74 రోజులైంది. ఒక్క సెన్ కూడా రాలేదు. కారు కంతు కట్టడానికి వాళ్లమ్మ గాజులు తాకట్టు కొట్లో పెట్టారన్న సంగతి చివర్లో, తల దించుకుని చెప్పింది.

అమ్మాయి పదేళ్లు ఆహార తయారీ ఫ్యాక్టరీల్లో నాణ్యత విభాగంలో పనిచేసింది. గత ఏడాది ఉద్యోగం మానేసి, సొంతంగా సలహాదారు పని మొదలుపెట్టింది. చిన్న బేకరీలకు, మసాలా పొడులు చేసేవాళ్లకు శుభ్రత పద్ధతులు రాసిచ్చేది. వాళ్లు పని చూసి అక్కడికక్కడే డబ్బిచ్చేవారు. జనవరిలో మొదటిసారి పెద్ద కంపెనీ ఒకటి పిలిచింది. ఇపోలో ఒకటి, కువాలా కంగ్సార్‌లో ఒకటి, రెండు పెద్ద వంటశాలలు వాళ్లవి. రెండింటికీ హాసప్ ఆహార భద్రతా పద్ధతి పత్రాలు తయారు చేయాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, చివర్లో ఒకసారి లోపలి తనిఖీ చేసి నివేదిక ఇవ్వాలి. మొత్తం 12,000 రింగిట్లు. ఫోన్‌లోనే మాట కుదిరింది.

ఆమె ఇన్‌వాయిస్‌లో ఉన్నది ఇంతే: పైన తన వ్యాపారం పేరు, కింద "కన్సల్టెన్సీ ఫీజు, 12,000 రింగిట్లు", ఆ కింద "వెంటనే చెల్లించగలరు". దాన్ని తనను పిలిచిన మేనేజరుకు వాట్సాప్‌లో పంపింది. ఆయన బొటనవేలు బొమ్మ పెట్టారు. ఆ తర్వాత అడిగినప్పుడల్లా "అకౌంట్స్‌కు పంపాను, వస్తుంది" అనేవారు. ఆయన అబద్ధమాడలేదు. నిజంగానే పంపారు. కాగితం అకౌంట్స్‌లో ఒక ట్రేలో పడి ఉంది. మోసం జరగలేదు, ఎవరికీ కక్ష లేదు. అయినా ఒక ఇంట్లో గాజులు పోయాయి.

ఇన్‌వాయిస్ చదివేది మిమ్మల్ని పిలిచిన మనిషి కాదు

నేను పద్దెనిమిదేళ్లు ఒక కంపెనీలో చెల్లింపుల విభాగంలో కూర్చున్నాను. ఆ బల్ల దగ్గర ఏం జరుగుతుందో చెబితే మిగతా కథంతా అర్థమవుతుంది.

చిన్న కొట్లో పని చెప్పినవారే డబ్బూ ఇస్తారు. కంపెనీలో పని చెప్పేది ఒకరు, పని అందిందని ఒప్పుకునేది మరొకరు, డబ్బు పంపేది ఇంకొకరు. ఒక్క మనిషే అన్నీ చేస్తే దొంగ బిల్లులు పుడతాయని కావాలనే అలా విడదీస్తారు. డబ్బు పంపే గుమాస్తా మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదు. మీ పని బాగుందో లేదో ఆమెకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఆమె చూసేవి మూడు కాగితాలు. ఒకటి, కంపెనీ జారీ చేసిన పర్చేజ్ ఆర్డర్. రెండు, పని అందిందని సంబంధిత విభాగం ఇచ్చిన ధ్రువీకరణ. మూడు, మీ ఇన్‌వాయిస్. ఈ మూడింటిలో పేరు, పని, మొత్తం ఒకేలా ఉంటే బిల్లు ముందుకు కదులుతుంది. ఒక్కటి తేడా వచ్చినా కంప్యూటర్ ఆపేస్తుంది. దాన్ని విడిపించే అధికారం ఆ గుమాస్తాకు ఉండదు.

మా అమ్మాయి ఇన్‌వాయిస్‌ను ఆ కళ్లతో చూశాను. పర్చేజ్ ఆర్డర్ నంబరు లేదు. అసలు పర్చేజ్ ఆర్డరే పుట్టలేదు. కంపెనీ పేరు దగ్గర బోర్డు మీద కనిపించే బ్రాండు పేరు రాసింది. రిజిస్టరైన సెండిరియన్ బెర్‌హాద్ కంపెనీ పేరు వేరే. పైన తన వ్యాపారం పేరుంది, కింద బ్యాంకు ఖాతా మాత్రం తన సొంత పేరు మీద ఉంది. అన్నిటికంటే పెద్ద తప్పు మొత్తంలో ఉంది. మార్చి 18 నాటికి పత్రాలు మాత్రమే పూర్తయ్యాయి. శిక్షణ, తనిఖీ మిగిలే ఉన్నాయి. మొత్తం 12,000కు బిల్లు వేస్తే "పని అందింది" అని ఎవరు సంతకం పెడతారు?

మర్నాడు పొద్దున్నే ఆమె చేత కంపెనీ చెల్లింపుల విభాగానికి ఫోన్ చేయించాను. "డబ్బు ఎప్పుడు వేస్తారు?" అని అడగొద్దన్నాను. "నా ఇన్‌వాయిస్ మీ సిస్టమ్‌లో నమోదైందా? అయితే ఏ స్థితిలో ఉంది? ఆగి ఉంటే కారణం ఏమిటి?" అని అడగమన్నాను. జవాబు నిమిషంలో వచ్చింది: "మీరు మా దగ్గర వెండర్‌గానే నమోదు కాలేదమ్మా." 74 రోజుల మిస్టరీ అంతే. మీ బిల్లు గురించి అడిగినప్పుడు "వస్తుంది" అన్న మాట జవాబు కాదు. "నమోదైంది", "ఆమోదం కోసం ఉంది", "ఫలానా తేదీ చెల్లింపులో పెట్టాం" ఇవీ జవాబులు. వీటిలో ఏదీ వినపడకపోతే మీ కాగితం ఎక్కడో ట్రేలో ఉన్నట్టే లెక్క.

పని కంటే ముందు పేరు

కంపెనీ వెండర్‌గా నమోదు చేసుకోవాలంటే మొదట మీరు వ్యాపారంగా కాగితం మీద ఉండాలి. మలేషియాలో ఒంటరిగా పనిచేసేవారికి సోల్ ప్రొప్రైటర్ నమోదు చాలు. దీన్ని కంపెనీల కమిషన్ ఎస్‌ఎస్‌ఎం చేస్తుంది. గుర్తింపు కార్డులో ఉన్న సొంత పేరుతోనే వ్యాపారం చేస్తే ఏడాదికి 30 రింగిట్లు, వేరే వ్యాపార పేరు పెట్టుకుంటే 60 రింగిట్లు. వ్యాపారం మొదలైన 30 రోజుల్లోగా నమోదు కావాలి.

ఆ 30 రింగిట్ల తేడా వెనుక ఒక చిక్కుంది. వ్యాపార పేరు పెట్టుకుంటే ఆ పేరు మీదే బ్యాంకు ఖాతా ఉండాలి. లేకపోతే ఇన్‌వాయిస్ మీద ఒక పేరు, ఖాతా మీద మరో పేరు పడి చెల్లింపు ఆగిపోతుంది. మా అమ్మాయి సరిగ్గా అక్కడే పడింది. వ్యాపార పేరు నమోదు చేసుకుంది కానీ ఖాతా తెరవలేదు. ఆ వారమే వ్యాపార ఖాతా తెరిపించాం. వెండర్ ఫారంతో పాటు నమోదు పత్రం, పన్ను గుర్తింపు సంఖ్య, బ్యాంకు ఖాతా పేరు కనిపించే స్టేట్‌మెంటు పై భాగం పంపాం. మూడింటిలోనూ పేరు అక్షరం తేడా లేకుండా ఒక్కటే.

ఈ పేజీ చదివేవారిలో హైదరాబాద్, విశాఖల నుంచి ఉద్యోగ వీసా మీద కౌలాలంపూర్ వచ్చినవారూ ఉంటారు. వారికి ఒక హెచ్చరిక. సోల్ ప్రొప్రైటర్ నమోదు మలేషియా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. ఎంప్లాయ్‌మెంట్ పాస్ ఏ సంస్థ పేరు మీద ఉందో ఆ సంస్థలో పనికే చెల్లుతుంది. పక్కన ఇంకో కంపెనీకి బిల్లు వేయడానికి అది పనికిరాదు.

పని పరిధి: ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు

ఏప్రిల్‌లో ఆ మేనేజరు ఫోన్ చేసి, "ఎలాగూ చేస్తున్నారు కదా, తైపింగ్‌లో మా కొత్త వంటశాల కూడా ఒకసారి చూసేయండి" అన్నారట. మొదటి పెద్ద క్లయింటు, కాదంటే ఏమనుకుంటారో అని ఈమె వెళ్లింది. ఒకసారి చూడటం మూడు రోజుల పని అయింది. దానికి డబ్బు అడగాలో వద్దో కూడా ఆమెకు తెలియలేదు. "ముందే ఏం చేస్తానో రాసుకోలేదు కదా పిన్నీ, ఇది అదనం అని ఎలా అనను?" అంది. ఆ ప్రశ్నలోనే జవాబు ఉంది.

ముందుగా 12,000 ఎలా వచ్చిందో అడిగాను. రోజుకు 800 చొప్పున పదిహేను రోజులని వేసుకుందట. అయితే ఆ లెక్కనే కాగితం మీద పెట్టాం. పత్రాలకు తొమ్మిది రోజులు, 7,200. శిక్షణకు మూడు రోజులు, 2,400. తనిఖీకి, నివేదికకు మూడు రోజులు, 2,400. ఇలా విడదీస్తే రెండు లాభాలు. ఒక్కో భాగం పూర్తయినప్పుడు దానికి మాత్రం బిల్లు వేయొచ్చు. కొత్త పని వస్తే దాని వెల ఎంతో ఇద్దరికీ ముందే తెలుస్తుంది.

ఆ తర్వాత ఒక్కో భాగాన్నీ లెక్కపెట్టగలిగేలా రాశాం. "ఆహార భద్రతా పత్రాలు తయారు చేయడం" అని రాస్తే ఎన్ని పత్రాలో ఎవరికి తెలుసు? అందుకే ఇలా మారింది: ఇపో, కువాలా కంగ్సార్ వంటశాలలు రెండింటికీ కలిపి 14 పత్రాలు, జాబితా జతపరిచాం. ఒక విడత సవరణలు ఇందులో కలిసి ఉన్నాయి. శిక్షణ రెండు తరగతులు, ఒక్కో తరగతికి 20 మందికి మించకుండా, మలయ్, తమిళ భాషల్లో. లోపలి తనిఖీ ఒక్కో చోట ఒకసారి, నివేదిక ఏడు పనిదినాల్లో.

పరిధిలో లేనివి కూడా అంతే స్పష్టంగా రాయాలి. మొదటిసారి కంపెనీ పని చేసేవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఈ భాగాన్నే. ధ్రువీకరణ సంస్థకు కట్టే ఫీజు, నీటి పరీక్షలు, ల్యాబు ఖర్చులు, మూడో వంటశాల, రెండో విడత సవరణలు ఇందులో లేవని రాశాం. ఇవి వద్దని చెప్పడం కాదు, వీటికి వేరే లెక్క ఉంటుందని చెప్పడం.

ఇంకో వాక్యం చేర్చాం. పని అందిందని కంపెనీ ఎప్పుడు ఒప్పుకున్నట్టు? పత్రాలు పంపాక ఎవరూ చదవకుండా రెండు నెలలు పడేస్తే? అందుకే, "పత్రాలు అందిన పది పనిదినాల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఆమోదించినట్టు" అని రాశాం. ఈ ఒక్క వాక్యం లేకపోతే మిగతా చెల్లింపు షరతులన్నీ గాల్లో వేలాడతాయి. ఎందుకంటే గడియారం మొదలయ్యే క్షణం ఎక్కడా ఉండదు.

తైపింగ్ సంగతికి ఒక చిన్న ఉత్తరం రాయించాను. ఫలానా తేదీన ఫోన్‌లో అడిగారు, మూడు రోజుల పని జరిగింది, రోజు రేటు ప్రకారం 2,400, దయచేసి అదనపు పర్చేజ్ ఆర్డర్ ఇవ్వగలరు అని. జరిగిపోయిన పనికి అడగడం కాబట్టి కంపెనీ ఒప్పుకుంటుందన్న నమ్మకం లేదు. సగం ఒప్పుకుంది, 1,200కు ఆర్డర్ ఇచ్చింది. మిగతా సగం పాఠానికి కట్టిన ఫీజు అనుకోమన్నాను. ఇప్పుడు ఎవరు ఫోన్‌లో ఏ అదనపు పని అడిగినా ఆమె ఆ సాయంత్రమే ఈమెయిల్ రాస్తుంది: "ఇవాళ మీరు అడిగినది ఇది, దీనికి ఇన్ని రోజులు, ఇంత అవుతుంది. ఆర్డర్ అందగానే మొదలుపెడతాను." ఎక్కడా కాదనదు, అలాగని ఉచితంగానూ చేయదు.

30 రోజులు అంటే ఎన్ని రోజులు?

చెల్లింపు గడువు గురించి కంపెనీ వాళ్లు "మాది 30 రోజుల పద్ధతి" అంటారు. విన్నవాళ్లు నెల అనుకుంటారు. ఆ 30 ఎక్కడి నుంచి లెక్క అన్నదే అసలు విషయం. ఇన్‌వాయిస్ తేదీ నుంచా? వాళ్లకు అందిన తేదీ నుంచా? అందిన నెల ఆఖరు నుంచా? అది తేలాక ఇంకోటి. కంపెనీలు రోజూ డబ్బు పంపవు. నెలకు ఒకటి రెండు తేదీలు పెట్టుకుని, అప్పటికి గడువు తీరిన బిల్లులన్నిటినీ ఒకేసారి పంపుతాయి.

ఒక లెక్క చూడండి. గడువు నెలాఖరు నుంచి 30 రోజులు, డబ్బు పంపే తేదీలు నెలకు 5, 20 అనుకుందాం. మీ ఇన్‌వాయిస్ మే 28న చేరితే, మే 31 నుంచి 30 రోజులు లెక్కేస్తే జూన్ 30. తర్వాతి చెల్లింపు జూలై 5. అంటే 38 రోజులు. అదే ఇన్‌వాయిస్‌ను "వచ్చే వారం పంపుదాంలే" అని జూన్ 3న పంపితే, జూన్ 30 నుంచి 30 రోజులకు జూలై 30. తర్వాతి చెల్లింపు ఆగస్టు 5. అంటే 63 రోజులు. ఆరు రోజుల బద్ధకం డబ్బును సరిగ్గా ఒక నెల వెనక్కి నెట్టింది.

అందుకే వెండర్ ఫారం నింపేటప్పుడే మూడు ప్రశ్నలు అడగాలి. గడువు ఏ తేదీ నుంచి లెక్క? ఇన్‌వాయిస్‌లు తీసుకునే ఆఖరి తేదీ నెలలో ఏది? డబ్బు పంపే తేదీలు ఏవి? ఇవి అడగడం తప్పు కాదు. నా బల్ల దగ్గర ఇవి అడిగినవాళ్లను చూస్తే పని తెలిసినవాళ్లని అనుకునేదాన్ని.

గడువు తగ్గించమని అడగడం కంటే, మొదలయ్యే తేదీని మార్చమని అడగడం తేలిక. పెద్ద కంపెనీ మీ కోసం 30ని 14 చేయదు. కానీ "నెలాఖరు నుంచి" అన్నదాన్ని "ఇన్‌వాయిస్ అందిన తేదీ నుంచి" అని మార్చమంటే, చిన్న మొత్తం కాబట్టి తరచుగా ఒప్పుకుంటారు. మా అమ్మాయి విషయంలో అలాగే ఒప్పుకున్నారు.

రెండోది అడ్వాన్సు. జరుగుతున్న పనికి అడ్వాన్సు అడిగే వీలు పోయింది. కొత్త ఒప్పందాల్లో మాత్రం ఆమె ఆర్డర్ ఇవ్వగానే 30 శాతం, పత్రాలు అప్పగించాక 40 శాతం, శిక్షణ, తనిఖీ ముగిశాక 30 శాతం అని రాస్తోంది. అడ్వాన్సు వల్ల వచ్చే డబ్బు ఒక లాభం. దానికంటే పెద్దది ఇంకొకటి ఉంది. వెండర్ నమోదులో, పేర్లలో, ఖాతాలో ఏ తప్పున్నా ఆ మొదటి చిన్న బిల్లుతోనే బయటపడుతుంది. పదిహేను రోజులు పని చేశాక కాదు, చేయకముందే.

అడ్వాన్సు ఇవ్వడం తమ నియమాల్లో లేదనే కంపెనీలూ ఉంటాయి. అప్పుడు మొదటి అప్పగింతను చిన్నదిగా, దగ్గరగా పెట్టుకోవాలి. ఉదాహరణకు మొదటి వారంలోనే వంటశాలల ప్రస్తుత స్థితి మీద నాలుగు పేజీల నివేదిక. దానికి బిల్లు వేస్తే దారి తెరుచుకుంటుంది.

మళ్లీ రాసిన ఇన్‌వాయిస్

జూన్ 12న పర్చేజ్ ఆర్డర్ వచ్చింది. అందులో మూడు వరుసలు: పత్రాలు, శిక్షణ, తనిఖీ. పత్రాలు అందాయని మేనేజరు చేత ఒక వాక్యం ఈమెయిల్ రాయించుకుంది. జూన్ 16న కొత్త ఇన్‌వాయిస్ పంపింది. అందులో వరుసగా ఉన్నవి ఇవి:

ఇన్‌వాయిస్ నంబరు, తేదీ. నంబర్లు వరుసలో ఉండాలి, ఒకటి రెండుసార్లు వాడకూడదు. పాత ఇన్‌వాయిస్ రద్దయిందని విడిగా ఒక లేఖ.

పంపేవారు: నమోదు పత్రంలో ఉన్న పేరు, నమోదు సంఖ్య, పన్ను గుర్తింపు సంఖ్య, చిరునామా.

ఎవరికి: కంపెనీ రిజిస్టరైన పూర్తి పేరు, నమోదు సంఖ్య, చెల్లింపుల విభాగం.

పర్చేజ్ ఆర్డర్ నంబరు, వరుస సంఖ్య 1.

పని: ఆర్డర్‌లో ఏ మాటలున్నాయో అవే మాటలు. ఆమోదించిన తేదీ.

మొత్తం: 7,200 రింగిట్లు. సేవా పన్ను: నమోదు లేదు, వర్తించదు.

చెల్లించవలసిన తేదీ: జూలై 16.

బ్యాంకు పేరు, ఖాతా పేరు, ఖాతా సంఖ్య.

జతపరిచినవి: ఆర్డర్ ప్రతి, ఆమోదం ఈమెయిల్.

ఇందులో మూడు వివరాల గురించి చెప్పాలి. పని వర్ణనలో సొంత భాష వాడొద్దు. ఆర్డర్‌లో "డాక్యుమెంటేషన్" అని ఉంటే మీరు "మాన్యువల్ తయారీ" అని రాయకండి. గుమాస్తాకు అవి రెండూ ఒకటేనని తెలియదు. గడువు దగ్గర "30 రోజులు" అని వదిలేయకుండా తేదీ వేయండి. తేదీ ఉంటే అది తప్పిందా లేదా అన్న వాదన ఉండదు.

సేవా పన్ను గురించి చాలామంది తడబడతారు. మలేషియాలో కన్సల్టెన్సీ సేవల మీద 2024 మార్చి నుంచి 8 శాతం సేవా పన్ను ఉంది. కానీ పన్నెండు నెలల్లో 5 లక్షల రింగిట్లు దాటితేనే నమోదు తప్పనిసరి. నమోదు కానివాళ్లు ఇన్‌వాయిస్‌లో ఆ పన్ను వేసి వసూలు చేయకూడదు. కంపెనీ బిల్లుల్లో చూసి నకలు కొట్టి 8 శాతం కలిపేస్తే బిల్లు ఆగడమే కాదు, అది చట్టం దృష్టిలో తప్పు కూడా. అలాగే 2024 ఆగస్టులో పెద్ద కంపెనీలతో మొదలైన ఈ-ఇన్‌వాయిస్ విధానం నుంచి చిన్న వ్యాపారాలను మినహాయించారు. ఏడాదికి లక్ష కూడా దాటని మా అమ్మాయి మామూలు ఇన్‌వాయిస్ ఇస్తే చాలు. కంపెనీ అడిగితే తాను మినహాయింపులో ఉన్నానని ఒక లేఖ ఇచ్చింది. లెక్కల కాగితాలు మాత్రం ఏడేళ్లు దాచాలి. వ్యాపార ఆదాయానికి బీ ఫారంలో రిటర్ను వేయాలి.

ఈసారి వాట్సాప్‌లో పంపలేదు. చెల్లింపుల విభాగం ఈమెయిల్‌కు పీడీఎఫ్‌గా పంపి, మేనేజరుకు నకలు పెట్టింది. రెండు రోజుల తర్వాత నమోదైందా అని ఒకసారి అడిగింది. నమోదైంది.

అయినా రాకపోతే?

అన్నీ సరిగ్గా ఉన్నా ఆలస్యం జరగొచ్చు. గడువుకు వారం ముందు "ఫలానా తేదీ చెల్లింపులో ఉందా?" అని అడగడం, గడువు దాటిన మర్నాడు బాకీ స్టేట్‌మెంటు పంపడం, రెండు వారాలు దాటితే మిగతా పని ఆపుతున్నానని రాయడం, ఇదీ వరుస. పని ఆపే హక్కు ఒప్పందంలో ముందే రాసి ఉండాలి. లేకపోతే ఒప్పందం తప్పింది మీరే అంటారు.

ఆలస్యానికి వడ్డీ షరతు రాసుకోవచ్చు, కానీ దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. 1950 నాటి ఒప్పందాల చట్టం 75వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇచ్చేది న్యాయమైన పరిహారమే. నెలకు పది శాతం అని రాసుకున్నంత మాత్రాన అది రాదు.

అంతకంటే పనికొచ్చే వాక్యం ఒకటుంది. మలేషియా 1987 కాపీరైట్ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి రాయించుకున్న దాని కాపీరైట్, వేరే ఒప్పందం లేకపోతే, రాయించుకున్న వారికే చెందుతుంది. రాసినవారిదే హక్కు అని మనం అనుకుంటాం. ఇక్కడ అలా కాదు. అందుకే, "ఆ భాగానికి పూర్తి డబ్బు అందే వరకు పత్రాల మీద హక్కు రాసినవారిదే" అని ఒప్పందంలో చేర్చాం. ధ్రువీకరణకు ఆ పత్రాలే చూపించాలి కాబట్టి ఈ వాక్యానికి బరువుంది.

ఆఖరి దారి కోర్టు. 2012 కోర్టు నియమాల ప్రకారం 5,000 రింగిట్ల వరకు బాకీకి వ్యక్తులు మేజిస్ట్రేట్ కోర్టులో లాయరు లేకుండానే చిన్న మొత్తాల దావా వేయొచ్చు. 2,400 శిక్షణ బిల్లు ఆగితే ఈ తలుపు తెరిచి ఉంటుంది. 12,000 ఒకే బిల్లుగా ఆగితే ఉండదు. భాగాలుగా బిల్లు వేయడానికి ఇదీ ఒక కారణం.

ఈ విషయంలో దేశాల మధ్య తేడా చాలా ఉంది. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు 1998 చట్టం వల్ల, వ్యాపారాల మధ్య ఆలస్యమైన బాకీ మీద బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటుకు 8 శాతం కలిపి వడ్డీ అడిగే హక్కుంది. న్యూయార్క్‌లో 800 డాలర్లు, ఆపైన పనికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, తేదీ రాయకపోతే పని ముగిసిన 30 రోజుల్లో డబ్బివ్వాలి. ఇండియాలో ఉద్యమ్ నమోదున్న చిన్న వ్యాపారాలకు, ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులే గరిష్ఠ గడువు. మలేషియాలో నిర్మాణ రంగానికి 2012లో ప్రత్యేక చట్టం వచ్చింది కానీ, వంటశాల పత్రాలు రాసే అమ్మాయికి అది వర్తించదు. ఇక్కడ ఆమెను కాపాడేది ఆమె రాసుకున్న కాగితమే.

జూలై 16న గడువు తీరింది. జూలై 20న కంపెనీ చెల్లింపు తేదీ. ఆ సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. 7,200 పడిందట. శిక్షణ, తనిఖీ బిల్లులు ఆ తర్వాత ఒక్కోటి గడువు రోజుకు కాస్త అటూ ఇటూగా వచ్చాయి. తైపింగ్ 1,200 కూడా వచ్చింది.

మర్నాడు తల్లీకూతుళ్లు తాకట్టు కొట్టుకు వెళ్లి గాజులు విడిపించుకున్నారు. కొట్టువాడు లెక్క కట్టి ఇచ్చిన రసీదు అమ్మాయి నాకు చూపించింది. తాకట్టు పెట్టిన తేదీ, విడిపించిన తేదీ, వడ్డీ ఎన్ని నెలలకో, మొత్తం ఎంతో అన్నీ అందులో ఉన్నాయి. "చూశావా పిన్నీ, వీడు ఎంత బాగా రాశాడో" అని నవ్వింది.